‘ఆవు’ తర్వాత ‘ఉప్పు’ చెల్లుతుందా? మాటల గొలుసాటలో చివరి అక్షరం గొడవ

మల్లెపందిరి: మా అపార్ట్‌మెంట్ పిల్లలు సెలవుల్లో సాయంత్రం పూట మాటల గొలుసు ఆడుతున్నారు. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో పక్కవాళ్లు ఇంకో మాట అందుకోవాలి. ఒకసారి వచ్చిన మాట మళ్లీ రాకూడదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కుదరవు. ఆట బాగానే ఉంది కానీ పంచాయితీలన్నీ నా గుమ్మం దగ్గరకే వస్తున్నాయి. ‘చెట్టు’ తర్వాత ‘ట్టు’తో చెప్పాలా, ‘టు’తో చెప్పాలా? ‘పుస్తకం’ అంటే ‘కం’ అందుకోవాలా, ‘క’ అందుకోవాలా? నిన్న ఒకడు ‘ఆవు’ అన్నాడు. పాప వెంటనే ‘వుప్పు’ అంది. అది ఉప్పు, వుప్పు కాదు అని వాడు, మా అమ్మమ్మ వుప్పు అనే అంటుంది అని ఇది. ఏం తీర్పు చెప్పమంటారు?

పాటలపెట్టె: మా ఇంట్లో ఎవరి పెళ్లయినా రాత్రంతా ఇదే ఆట అండీ. ‘ళ’ వచ్చిందంటే ‘ల’తో ఎత్తుకోవడమే, ఎవరూ కాదనరు. పల్లవి పాడాలి, చరణం మధ్యలోంచి ఎత్తుకుంటే ఒప్పుకోం.

మల్లెపందిరి: అది అంత్యాక్షరి అండీ, పాటలది. మేం అడిగేది ఉత్త మాటలతో ఆడేది. అయినా ‘ళ’కు ‘ల’ అన్నది పనికొచ్చేలా ఉంది.

కొత్తావకాయ: దీనికి పేరుంది, ముక్తపదగ్రస్తం. పదో తరగతిలో చదివాం. విడిచిన దాన్ని మళ్లీ పట్టుకోవడం. అలంకారశాస్త్రంలో ఉన్న నియమమే పెట్టుకోండి, గొడవ ఉండదు.

పాతబడి పంతులు: కొత్తావకాయ గారూ, పోలిక ఉంది కానీ అది వేరు. ముక్తపదగ్రస్తంలో విడిచిన పదాన్ని మొత్తంగా అందుకోవాలి, ఒక్క అక్షరాన్ని కాదు. మీకు గుర్తుండే ఉంటుంది, ‘మదనా’ అని పాదం ముగుస్తుంది, తర్వాతి పాదం ‘మదనాగతురంగ’ అని మొదలవుతుంది. మొదటిది మన్మథుడు, రెండోది మదపుటేనుగు. పట్టుకున్న ముక్క అర్థం మార్చుకోవడమే అక్కడ సొగసు. పిల్లల ఆటకు ఆ బరువు వద్దు.

అమ్మా మల్లెపందిరీ, మీ మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే. చివరి అక్షరాన్ని కంటితో చూడాలా, చెవితో వినాలా? చెవితో వినమంటాను.

‘పద్మ’ అని రాసి చూపిస్తే పిల్లలు చివర ‘ద’ అంటారు, ఎందుకంటే తలకట్టు ఉన్నది ద మీద, మ కింద వత్తుగా ఉంది. అదే మాటను చప్పట్లు కొడుతూ పలకమనండి. పద్, మ. రెండో చప్పట్లో వినిపించేది మ. ‘రాత్రి’ కూడా అంతే, గుడి త మీద కనిపిస్తుంది కానీ నోట్లో రాత్, రి అని విరుగుతుంది. కాబట్టి ‘చెట్టు’ తర్వాత ‘టు’, ‘కర్ర’ తర్వాత ‘ర’, ‘పిల్లి’ తర్వాత ‘లి’. వత్తు ఉన్న అక్షరాన్ని మొత్తంగా అందుకోమంటే ఆట రెండో మాటకే ఆగిపోతుంది. ‘ట్టు’తో మొదలయ్యే మాట తెలుగులో ఎక్కడుంది?

కొత్తావకాయ: ‘టు’తో మాత్రం ఎక్కడుందండీ?

పాతబడి పంతులు: దొరకడం కష్టమే. అందుకే పొట్టి అక్షరానికి మాట దొరక్కపోతే పొడుగుది ఒప్పుకోండి. ‘టు’కు ‘టూకీ’ చెల్లుతుంది. మాటలు దండిగా ఉన్నచోట మాత్రం ఈ సడలింపు వద్దు. ‘గ’ వచ్చినప్పుడు ‘గాలి’ అంటే కుదరదు, ‘గరిటె’ అనాల్సిందే.

హుషారు: మా మేనల్లుడితో ఆడి నేను రోజూ ఓడిపోతున్నాను సార్. వాడు ఏ అక్షరం వచ్చినా ‘డు’తో ముగిసేదే వెతుక్కుంటాడు. త అంటే తమ్ముడు, దే అంటే దేవుడు, నా అంటే నాయకుడు. మగవాళ్లందరికీ చివర డు ఉంది. డుతో మొదలయ్యేది ఒక్కటీ లేదు. అసలు మేనల్లుడు అన్న మాటలోనే డు ఉంది చూడండి!

గోలకొండ చౌరస్తా: ఒక్కటీ లేదంటవేంది భాయ్, డుమ్మా! బడికి డుమ్మా కొట్టలేదా ఎప్పుడూ? డుమ్మా అన్నవంటే ‘మా’ పోతది వాడికి, మామిడి అనుకుంటూ పోతడు.

హుషారు: అబ్బ! ఇన్నాళ్లూ తట్టలేదు. కానీ వాడు రెండోసారి డు వేస్తే?

పాతబడి పంతులు: రెండోసారికి డుమువులు ఉంది, వ్యాకరణం పుస్తకంలోది. ప్రథమా విభక్తి ప్రత్యయాలు డు, ము, వు, లు, వాటిని కలిపి డుమువులు అంటాం. హుషారు గారి కష్టం వెనక ఉన్నదీ అవే. తెలుగు నామవాచకాల్లో చాలా భాగం ఈ నాలుగింటిలో ఏదో ఒకదానితో ముగుస్తాయి. రాముడు, వృక్షము, ధేనువు, చెట్లు. అంటే ఆటలో ఎక్కువసార్లు చేతికొచ్చేవి ఈ నాలుగే. వాటితో మొదలయ్యే మాటలు ఎన్నో చూడండి. డుకు ఇప్పుడు అనుకున్న రెండు. లుకు లుంగీ, లుకలుకలు, ఆపైన బుర్ర గోక్కోవాలి. వుకు సంప్రదాయం ప్రకారం ఒక్కటీ లేదు. ము ఒక్కటే పుష్కలం, కానీ దాని తంటా ఇంకోలా ఉంటుంది.

‘పుస్తకము’ అని పాత రూపంలో ఆడారనుకోండి. ఒకరు ముత్యము అంటారు, ఇంకొకరు ముఖము, తర్వాత ముహూర్తము, ముకుటము. ముతో అందుకుని ముతోనే వదులుతారు. ఆట అక్కడే గిరగిరా తిరుగుతుంది. సున్నాతో ఆడితే ఆ పీడ ఉండదు. పుస్తకం, కంచం, చందమామ. అక్కడ్నుంచి మజ్జిగ, గరిటె, టెక్కు, కుండ, డబ్బా, బావి, విస్తరి. ఎక్కడా తడుముకోలేదు చూశారా. కం, చం, దం, పం, బం, మం, రం, వం, సం, వీటన్నింటికీ ఇంట్లో వాడే మాటలే దొరుకుతాయి. పంది, బండి, మంట, రంపం, వంకాయ, సంచి.

మల్లెపందిరి: మరి ‘ణం’ వస్తే? నిన్న ‘కారణం’ దగ్గర ఆగిపోయారు. ‘తాళం’ దగ్గర కూడా.

పాతబడి పంతులు: ణ, ళలతో మొదలయ్యే మాటలు మనకు లేవు. ణకు న, ళకు ల. పాటలపెట్టె గారు చెప్పిందే. కారణం తర్వాత నంది, తాళం తర్వాత లంక. ఇక ‘థం’ వస్తే సున్నా తీసేసి ‘థ’ అన్నా దారి కనపడదు. ‘అర్థం’ అన్నవాడికి ఆ పాయింటు ఇచ్చేయండి.

కొత్తావకాయ: బహువచనాలు తీసేస్తే లు గొడవ పోతుంది కదా. ఏకవచనం మాత్రమే అని రూలు పెట్టండి.

హుషారు: అయితే పాలకు ఏకవచనం చెప్పండి.

కొత్తావకాయ: ...సరే. పాలు, నీళ్లు, వడ్లు ఉండనివ్వండి. పిల్లులు, కుక్కలు కుదరవు.

పాతబడి పంతులు: అది సబబే. వచ్చాడు, తిన్నాడు లాంటి క్రియలు కూడా వద్దు, లేకపోతే అన్నీ డులే. తినడం, ఆడడం కూడా తీసేయండి, వాటితో ‘డం’ పడుతుంది. డంకా, డంబం అయిపోయాక ఏం చేస్తారు?

మల్లెపందిరి: ఆవు, ఉప్పు సంగతి మిగిలిపోయింది మాస్టారూ. పాప ఏడుస్తోంది.

కొత్తావకాయ: అది తేలికే కదా. ‘వుప్పు’, ‘వూరు’ తప్పు రాతలు. చదువురాని వాళ్లు రాసేవి.

పాతబడి పంతులు: సగం ఒప్పుకుంటాను. తెలుగు మాటల మొదట వు, వూ, వొ, వోలు ఉండవని చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే ఉంది. యకారం కూడా ఉండదన్నాడు. యముడు, యంత్రం సంస్కృతం నుంచి వచ్చినవి. కాబట్టి రాతలో ‘ఉప్పు’ అన్నదే నిలబడుతుంది. కానీ చదువురాని వాళ్లు అనకండి. పాత ఉత్తరాలు, అచ్చు పుస్తకాలు తిరగేస్తే వుంది, వూరు, యిల్లు, యెవరు అని చదువుకున్నవాళ్లే రాశారు. నోరు అలా పలుకుతుంది మరి. ‘మా ఊరు’ అని గబగబా అనండి, మధ్యలో వ దానంతటదే వస్తుంది. ‘మాయమ్మ’లో య వచ్చినట్టే.

దీని వెనక ఇంకో సంగతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కానీ ఆ అచ్చు హల్లుతో కలిసి ఉంటుంది. మ, లి, కం, డు. విడి అచ్చుతో ముగిసే మామూలు మాట ఒకటి చెప్పండి చూద్దాం. అంటే గొలుసులో ఎవరి చేతికీ విడి ‘ఇ’ కానీ విడి ‘ఉ’ కానీ రాదు. అప్పుడు ఇల్లు, ఉప్పు, ఏనుగు, ఆకు, అన్నం... నిఘంటువులో అంత పెద్ద భాగం గొలుసు మధ్యలోకి ఎప్పటికీ రాలేదు. మొదటి మాటగా తప్ప వాటికి చోటే లేదు. పాప ‘ఆవు’ తర్వాత ‘వుప్పు’ అని ఆ తలుపు తీసింది. నేనైతే ఒప్పుకుంటాను. వు వస్తే ఉ, యి వస్తే ఇ. ఆవు, చెరువు, నవ్వు తర్వాత ఉప్పు, ఉడుత, ఉల్లిపాయ. పొయ్యి, గొయ్యి, రాయి తర్వాత ఇల్లు, ఇటుక, ఇసుక. కాగితం మీద రాసేటప్పుడు మాత్రం ఉప్పు అనే రాయమనండి.

గోలకొండ చౌరస్తా: మరి టెంకాయ తర్వాత అమ్మ అనొచ్చా? య, అ. మాయమ్మ అంటిరి కదా మీరే.

పాతబడి పంతులు: దొరికిపోయాను. కానీ అక్కర్లేదు బాబూ. యకు యజమాని, యముడు, యవ్వనం ఉన్నాయి. దారి మూసుకుపోయిన చోటే సడలింపు.

కొత్తావకాయ: నాకు నచ్చలేదు. ఒక అక్షరానికి చెవి, ఇంకోదానికి నిఘంటువు అంటే పిల్లలు మిమ్మల్నే నిలదీస్తారు. అలాగైతే అతో మొదలయ్యే మాటలన్నీ బయటే ఉండిపోవాలా?

పాతబడి పంతులు: ఇప్పటికైతే బయటే. అంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

గోలకొండ చౌరస్తా: ఒక పని చెయ్యుండ్రి. గొలుసు తెగినోనికి పాయింటు పోతది కదా. కొత్త గొలుసు అచ్చుతోనే షురూ చెయ్యాలె అని పెట్టుండ్రి. మొదటి గొలుసు అతో, తెగితే ఆతో, మళ్లీ తెగితే ఇతో. వరుసగా పోతుంటే అన్నీ వస్తయి, మీకు కొట్లాట ఉండదు.

మల్లెపందిరి: ఇది బాగుంది, ఇవాళే పెట్టేస్తాను. ఆవు తర్వాత ఉప్పు కూడా చెల్లుతుందని పాపకు చెప్పాను, వాడు అలిగి పైకి వెళ్లిపోయాడు.

హుషారు: మరి ‘ఋ’ వంతు వచ్చినవాడి గతి?

గోలకొండ చౌరస్తా: ఋషి ఉంది, ఋతువు ఉంది. ౠ దగ్గర మాస్టారును కూసోబెట్టుండ్రి.