వాడని స్టేట్‌లకు సున్నాలు పెట్టాను, కౌంటర్ ఇరుక్కుపోయింది. లాజిక్ మార్చాలా, రీసెట్ చాలా?

కొత్తచెయ్యి: జేకే ఫ్లిప్‌ఫ్లాప్‌లతో సింక్రనస్ మాడ్-10 కౌంటర్ కట్టాను. రెండు 7476లు, డిస్‌ప్లేకి 7447. Q0 ప్రతి క్లాక్‌కి మారాలి కాబట్టి దాని J, K రెండూ 1. మిగతా మూడింటికి, 10 నుంచి 15 వరకు వాడని స్టేట్‌లలో డోంట్‌కేర్ పెట్టడం ఎందుకని J, K రెండూ 0 వచ్చేలా రాశాను. అదే భద్రం అనుకున్నాను. పవర్ ఇస్తే ఒక్కోసారి చక్కగా లెక్కపెడుతుంది. ఒక్కోసారి చిన్న 'టీ' అక్షరంలాంటిది వెలిగి, ఆరి, మళ్లీ అదే వెలుగుతుంది. ఎంతసేపు చూసినా అంతే. లాజిక్ మార్చాలా, రీసెట్ పెడితే చాలా?

పాతబోర్డు: రీసెట్ చాలు. క్లియర్ పిన్‌లన్నీ కలిపి, అక్కడినుంచి రెసిస్టర్ పైకి, కెపాసిటర్ గ్రౌండ్‌కి. పవర్ రాగానే 0000 నుంచి మొదలవుతుంది. 10 అనే స్టేటే రానప్పుడు దాని గురించి బుర్ర పాడుచేసుకోవడం ఎందుకు?

గేటుకాపరి: నేనైతే 1010 రాగానే Q3, Q1లను నాండ్ గేట్‌కిచ్చి క్లియర్ చేసేస్తాను. ఏళ్లుగా ఇదే పద్ధతి, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

క్లాక్‌పల్స్: గేటుకాపరి గారూ, అది రిపుల్ కౌంటర్ పద్ధతండీ. అందులో 10 ఒక్క క్షణమైనా నిజంగా వచ్చిపోతుంది. ఆయన అడిగింది 9 తర్వాత క్లాక్ అంచున నేరుగా 0కి వెళ్లేది.

కొత్తచెయ్యి గారూ, మీ డిస్‌ప్లేయే జబ్బు చెప్పేసింది. 7447లో 14కి ఆ 'టీ' గుర్తు వస్తుంది, 15కి అన్నీ ఆరిపోతాయి. అంటే మీ కౌంటర్ 14, 15 మధ్య తిరుగుతోంది. జేకేకి 0, 0 ఇస్తే సున్నా అవ్వమని కాదు, ఉన్నచోటే ఉండమని. పై మూడు బిట్‌లు కదలవు, Q0 ఒక్కటే ఊగుతుంది. 10-11, 12-13 కూడా ఇలాంటి ఉచ్చులే. మీరు భద్రం అనుకున్న సున్నాలే తలుపు గడియ పెట్టాయి. డోంట్‌కేర్‌లను వాడుకుంటే వచ్చేవి ఇవి:

```
J0 = K0 = 1
J1 = Q3'·Q0      K1 = Q0
J2 = K2 = Q1·Q0
J3 = Q2·Q1·Q0    K3 = Q0
```

ఇప్పుడు 1011 తీసుకోండి. Q0 సున్నా అవుతుంది. J1=0, K1=1 కాబట్టి Q1 సున్నా. Q1, Q0 రెండూ 1 కాబట్టి Q2 తిరగబడి 1. K3=1, J3=0 కాబట్టి Q3 సున్నా. వచ్చింది 0100, అంటే 4. మిగతావీ ఇలాగే చూస్తే 10 నుంచి 11, అక్కడినుంచి 4. 12 నుంచి 13, మళ్లీ 4. 14 నుంచి 15, అక్కడినుంచి 0. ఎక్కడ పడ్డా రెండు క్లాక్‌లలో దారిలోకి వస్తుంది. పైగా గేట్‌లు తగ్గుతాయి, 7408లో మూడు సరిపోతాయి.

పాతబోర్డు: లెక్క ఒప్పుకుంటాను. కానీ రీసెట్ ఉంటే ఇదంతా అక్కర్లేదు కదా?

క్లాక్‌పల్స్: రీసెట్ పనిచేసేది పవర్ వచ్చినప్పుడు. అదీ సప్లై మెల్లగా పెరిగితే ఆర్సీ చేతులెత్తేస్తుంది. నడుస్తుండగా పక్కన రిలే కొట్టి ఒక బిట్ తిరగబడితే ఎవరు రీసెట్ చేస్తారు? రెండూ పెట్టమంటాను.

లెక్కలమాస్టారు: నా పేచీ వేరు. కన్వేయర్ మీద పెట్టెలు లెక్కపెట్టడానికి ఇలాంటిదే వాడాను. 8లో ఉండగా గ్లిచ్ తగిలి 10కి పోయిందనుకోండి, రెండు పెట్టెల తర్వాత 4 చూపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇరుక్కుపోయి ఉంటే కనీసం తెలిసేది! ఇంకొకటి, తర్వాతి అంకెకి క్యారీ Q3·Q0 నుంచి తీస్తాం కదా, 11, 13, 15లలో కూడా అది 1 అవుతుంది. 11 నుంచి 4కి దిగేటప్పుడు పదుల స్థానం ఊరికే ఒకటి పెరిగిపోతుంది.

క్లాక్‌పల్స్: క్యారీ సంగతి నిజం, నేను ఆలోచించలేదు. ఫ్రీక్వెన్సీని పదితో భాగించే చోట ఇవేవీ బాధించవు. పెట్టెలు లెక్కపెట్టే చోట మాత్రం Q3తో పాటు Q2 గానీ Q1 గానీ 1 అయితే ఎర్ర లైట్ వెలిగించడం మేలేమో.

పాతబోర్డు: లైటు వెలిగేది రెండు క్లాక్‌ల సేపే. దాన్ని పట్టుకోవడానికి ఇంకో లాచ్ కావాలి. అది గ్లిచ్‌కి తిరగబడదని హామీ ఏమిటి?

కొత్తచెయ్యి: సమీకరణాలు మార్చాను. Q3, Q2, Q1 ప్రీసెట్‌లనూ Q0 క్లియర్‌నూ గ్రౌండ్‌కి తాకించి 14 ఎక్కించి, వదిలేసి, క్లాక్ ఒక్కొక్కటిగా ఇచ్చాను. 'టీ', ఖాళీ, 0, 1. అలాగే 12 ఎక్కిస్తే రెండు గుర్తుల తర్వాత 4 వచ్చింది. క్యారీకి మిగిలిన నాలుగో గేట్ వాడదామనుకున్నాను, ఇప్పుడు ఆ 11 సంగతి విన్నాక ఆగాను.