అప్‌డేట్: సీటీలో ఆ తెల్లగీత రక్తస్రావమా, రక్తపు గడ్డా?

నా ప్రశ్న: “కుడి చెయ్యి, కాలు పడిపోయి గంటన్నర. ప్లెయిన్ సీటీలో ఎడమవైపు సిల్వియన్ చీలిక మొదట్లో తెల్లగా సన్నటి గీత. రక్తస్రావమేనా?”

కాదు, అది మధ్య మస్తిష్క ధమనిలో ఇరుక్కున్న గడ్డ. గీత ధమని దారినే, గొట్టంలా ఉంది. బయటికి చిమ్మిన రక్తమైతే మెదడు కణజాలంలో ముద్దగానో, చీలికల్లో పరుచుకునో కనిపించేది. సాంద్రత ఎడమవైపు 60 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, కుడి ధమనిలో 38. ఈ తేడానే అసలు ఆధారం. హెమటోక్రిట్ ఎక్కువుంటే రెండు వైపులా తెల్లబడతాయి, ధమని గోడలో కాల్షియమైతే అంకె సాధారణంగా 100 దాటుతుంది.

5 మి.మీ. స్లైసుల్లో గీత మసగ్గా ఉంది, 1 మి.మీ. వాటిలో స్పష్టంగా తేలింది. విండో వెడల్పు 40, లెవెల్ 40కి తగ్గించాక ఎడమ ఇన్సులా అంచు చెరిగిపోయినట్టూ కనిపించింది. వెడల్పు 80లో అది దాదాపు తెలియలేదు.

గీత కనబడకపోయినా గడ్డ లేదనుకోకూడదు. తొలి గంటల్లో సీటీ మామూలుగానే ఉండొచ్చు. రక్తస్రావం లేదని తేలి, మిగతా అభ్యంతరాలు లేకపోతే, 4.5 గంటల్లోపు గడ్డ కరిగించే మందు ఇస్తారు. యాంజియో కోసం దాన్ని ఆపరు.