రెక్కలున్న మనిషి వచ్చిన కథ ఫాంటసీ ఎందుకు కాదు?

నీలిసిరా (ప్రశ్న):
గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1968లో రాసిన కథ ఒకటుంది. అందులో పెద్ద రెక్కలున్న ఒక ముసలివాడు ఒక పేద దంపతుల పెరట్లో వచ్చి పడతాడు. దాని మీద వ్యాసం రాస్తున్నాను. అది మాంత్రిక వాస్తవికత అని అందరూ అంటారు గానీ, రెక్కలున్న మనిషి ఉన్నప్పుడు అది ఫాంటసీ ఎందుకు కాదో వ్యాసంలో దేన్ని చూపించి నిరూపించాలి?

చదువరి:
ఇది అంత కష్టమైన విషయం కాదండీ. కథ జరిగే చోటు చూడండి. వేరే లోకం, వేరే రాజ్యాలు, వేరే జీవజాతులు ఉంటే ఫాంటసీ. మన లోకంలోనే, మామూలు మనుషుల మధ్య ఒక్క వింత జరిగితే మాంత్రిక వాస్తవికత. రెండో గుర్తు ఏమిటంటే, మాంత్రిక వాస్తవికతలో ఆ వింతను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ఈ రెండూ రాసి, కథ నుంచి ఒక్కో ఉదాహరణ ఇస్తే వ్యాసానికి సరిపోతుంది.

కథావరణం:
చదువరి గారు చెప్పిన రెండు గుర్తులూ చాలా చోట్ల కనిపిస్తాయి కాబట్టి వాటిని పూర్తిగా తోసిపుచ్చను. అయితే నీలిసిరా గారు ఎంచుకున్న కథ దగ్గరే అవి రెండూ నిలబడవు.

మొదటిది చోటు. ఇప్పటి నగరాల్లో, మనలాంటి మనుషుల మధ్యే మంత్రగాళ్లు రహస్యంగా తిరిగే ఫాంటసీ కథలు ఎన్నో ఉన్నాయి. చోటు మనదే అయినంత మాత్రాన అవి మాంత్రిక వాస్తవికత కావు. ఎందుకంటే వాటిలో మాయకు ఒక వ్యవస్థ ఉంటుంది: అది ఎవరికి వస్తుంది, ఎలా నేర్చుకోవాలి, ఎక్కడ పని చేయదు అన్నవి తెలియకపోతే ఆ కథ ముందుకు కదలదు.

రెండోది ఆశ్చర్యం. పెలాయో మొదటిసారి ఆ ముసలివాణ్ని చూసినప్పుడు భయపడి భార్య ఎలిసెండా దగ్గరకు పరుగెత్తుతాడు. ఇద్దరూ నోట మాట లేకుండా నిలబడిపోతారు. కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదని మీరు రాస్తే, కథ చదివిన పరీక్షకులు ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు. నిజానికి చూడవలసింది ఆ ఆశ్చర్యం తర్వాత ఏమవుతుందన్నది. ఎంతోసేపు దగ్గరగా చూశాక వాళ్లకు అతను పరిచితుడిలా అనిపిస్తాడు. ఆ పైన పెలాయో అతన్ని కోళ్ల గూట్లో పెడతాడు, ఎలిసెండా చూడవచ్చిన వాళ్ల దగ్గర తలకు ఐదు సెంట్లు వసూలు చేయాలని నిర్ణయిస్తుంది. ఇలాంటిది ఎలా సాధ్యమన్న ప్రశ్న ఎక్కువసేపు నిలవదు. దీన్ని ఏం చేసుకోవాలన్న ప్రశ్న మాత్రం కథ పొడుగునా ఉంటుంది.

అందువల్ల మీ వ్యాసం పాత్రల ఆశ్చర్యం మీద కాకుండా కథకుడి గొంతు మీద నిలబడాలని నా అభిప్రాయం. దానికి ఈ కథలో ఒకే ఒక్క వాక్యం చాలు. వచ్చిన డబ్బుతో ఆ దంపతులు రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటారు. చలికాలంలో పీతలు లోపలికి రాకుండా ఎత్తయిన వల, దేవదూతలు రాకుండా కిటికీలకు ఇనుప ఊచలు పెట్టించుకుంటారు. కథకుడు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో, ఒకే స్వరంతో చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. ఇల్లు కట్టేవాడికి పీతల బెడద ఎంత మామూలో దేవదూతల బెడదా అంతే మామూలు. దేవదూతలు ఎక్కడి నుంచి వస్తారో, ఇనుము వాళ్లను ఎందుకు ఆపుతుందో ఒక్క మాట కూడా లేదు. ఫాంటసీ రచయిత అయితే ఆ ఇనుముకున్న శక్తిని మనకు ముందే చెప్పి ఉండేవాడు, లేదా తర్వాత అదే కీలకమయ్యేది. ఇక్కడ అది కేవలం ఇంటి ఖర్చు. వివరణ ఇవ్వకుండా కథకుడు పాటించే ఈ మౌనాన్నే విమర్శకురాలు అమారిల్ చనాడి 1985లో తన పుస్తకంలో ప్రధాన లక్షణంగా నిలిపింది. మీ వ్యాసానికి సైద్ధాంతిక ఆధారం కావాలంటే ఆమె దగ్గర మొదలుపెట్టండి.

రావిచెట్టు:
నా కథ గురించి అడగవచ్చా? చనిపోయిన భర్త ప్రతి రాత్రీ వంటింట్లో కూర్చుని ఉంటాడు. భార్య అతనితో మాట్లాడుతూ పనులు చేసుకుంటుంది. చివర్లో ఆమెకు చాలా రోజులుగా జ్వరం ఉందని, అదంతా ఆ మగతలో చూసిందని తెలుస్తుంది. పత్రికకు పంపేటప్పుడు మాంత్రిక వాస్తవికత అని రాశాను. సంపాదకులు కాదన్నారు. ఇక్కడ కూడా ఆమె ఆశ్చర్యపోదు కదా, మరి ఎందుకు కాదు?

కథావరణం:
రావిచెట్టు గారూ, మీ ప్రశ్న అసలు చర్చకు కాస్త పక్కన ఉన్నా ఉపయోగపడుతుంది. చివరి పేరాలో జ్వరం రాగానే, అంతవరకూ వంటింట్లో ఉన్న మనిషి లేకుండా పోయాడు. లోకం మళ్లీ మనకు తెలిసిన నియమాల్లోకి వచ్చేసింది. సాహిత్య సిద్ధాంతకారుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో చెప్పినది ఇక్కడ అక్కరకు వస్తుంది. జరిగింది నిజమా, భ్రమా అని పాఠకుడు ఊగిసలాడుతున్నంతసేపే ఒక రకం కథ ఉంటుంది. భ్రమ అని తేలితే అది ఒక వైపుకు, నిజంగానే అతీతమని తేలితే మరో వైపుకు వెళ్లిపోతుంది. మీ కథ ఆ మొదటి వైపుకు వెళ్లింది. మాంత్రిక వాస్తవికతలో అసలు ఆ ఊగిసలాటే ఉండదు. జ్వరం వాక్యాలు తీసేసి, ఆ భర్త కూర్చునే కుర్చీని ఆమె అమ్మాలా వద్దా అన్న చిక్కుతో కథ ముగిస్తే సంపాదకుల జవాబు మారవచ్చు. కథ అలా మెరుగవుతుందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి.

గుల్మొహర్:
కథావరణం గారి విశ్లేషణ బాగుంది కానీ, అంతా కథకుడి గొంతుకే కుదించడం నాకు అంగీకారం కాదు. క్యూబా రచయిత అలేహో కార్పెంతియేర్ 1949లో తన నవలకు రాసిన ముందుమాటలో, అద్భుతమన్నది రచయిత చేసే పనితనం కాదని, లాటిన్ అమెరికా చరిత్రలోనూ అక్కడి ప్రజల విశ్వాసంలోనూ అప్పటికే ఉన్నదని వాదించాడు. ఆ నవలలో బానిసల తిరుగుబాటు నాయకుడు మకండాల్‌ను కాల్చి చంపే ఘట్టం చూడండి. కట్టిన తాళ్లు తెంచుకుని అతను ఎగిరిపోయాడని బానిసలు నమ్మి, సంతోషంతో ఇళ్లకు వెళ్తారు. సైనికులు అతన్ని మంటల్లోకి తోసేయడం ఆ గందరగోళంలో అతి కొద్దిమందే చూస్తారు. అక్కడ రెండు లోకాలు కొట్టుకుంటున్నాయి, ఒకటి పాలకులది, ఒకటి పాలితులది. ఆ ఘర్షణ లేకుండా కేవలం నిర్వికారమైన స్వరం ఉంటే చాలంటే, 1915 నాటి కాఫ్కా ‘రూపాంతరం’ కూడా మాంత్రిక వాస్తవికతే అయిపోతుంది. పురుగుగా మారిన గ్రెగర్ తన శరీరం గురించి కన్నా రైలు తప్పిపోయినందుకే ఎక్కువ కంగారు పడతాడు కదా.

కథావరణం:
కాఫ్కా విషయంలో మీ అభ్యంతరం బలమైనదే. చాలామంది విమర్శకులు ఆ కథను ఈ వర్గంలో కలుపుతారు, మరికొందరు ఒప్పుకోరు. నేను కలపను. గ్రెగర్ మార్పు ఆ ఇంటి గోడల మధ్య ఒక అవమానంగా దాగి ఉంటుంది, ఊరి జీవితంలో భాగం కాదు. అయితే ఇది నా పఠనం మాత్రమే, తుది తీర్పు కాదు. కార్పెంతియేర్ మాట దగ్గర నాకు ఒక ఇబ్బంది ఉంది. ప్రజల విశ్వాసమే ప్రమాణమైతే, విశ్వసించే పాఠకుడికి అది మాయ కాదు, వాస్తవమే. అప్పుడు ఆ పేరులోని మొదటి సగాన్ని నిర్ణయిస్తున్నది విశ్వాసం లేని బయటి పాఠకుడే అవుతాడు. ఇది మీరు కోరుకునే ఫలితం కాదనుకుంటాను.

గుల్మొహర్:
నేను కోరుకునేది కాదు, నిజమే. కానీ ఆ ఇబ్బంది ఉందని చరిత్రను వదిలేయలేం. ముసలివాడి కథలో కూడా చర్చి ఉంది. ఫాదర్ గొన్సాగా లాటిన్‌లో పలకరిస్తే ముసలివాడికి అర్థం కాదు, వెంటనే ఆయన అనుమానం మొదలవుతుంది. రోమ్ నుంచి వచ్చే ఉత్తరాలు అతనికి బొడ్డు ఉందా అని అడుగుతాయి. అద్భుతాన్ని గుర్తించే అధికారం తనదేనన్న సంస్థ, కళ్లెదుట ఉన్న అద్భుతాన్ని గుర్తించలేకపోతుంది. దీన్ని వదిలేసి వాక్య నిర్మాణం గురించి మాత్రమే రాస్తే వ్యాసం సగమే అవుతుంది.

నీలిసిరా:
ఇద్దరి మాటలూ ఉపయోగపడ్డాయి. ఒక చిక్కు మిగిలింది. అదే కథలో సాలీడుగా మారిన అమ్మాయి వస్తుంది. ఆమె గురించి కథకుడు కారణం చెబుతాడు: తల్లిదండ్రుల మాట కాదని రాత్రంతా నాట్యానికి వెళ్లి తిరిగి వస్తుంటే మెరుపు పడి అలా మారింది. ఇది వివరణే కదా? నా వాదన ఇక్కడ దెబ్బతినదా?

కథావరణం:
దెబ్బతినదు, పైగా మీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. ఒకే కథలో రెండు అద్భుతాలు పక్కపక్కన ఉన్నాయి, వాటి పనితీరు వేరు. సాలీడు అమ్మాయికి తప్పు, శిక్ష, నీతి అన్నీ ఉన్నాయి. ఆమెను ప్రశ్నలు అడిగితే జవాబు చెబుతుంది, టికెట్ కూడా తక్కువ. ముసలివాడికి కారణం లేదు, నీతి లేదు, అడిగినా అర్థమయ్యే భాషలో బదులివ్వడు. అతని పేరు మీద జరిగిన మహిమలు కూడా వంకర తిరిగినవే: గుడ్డివాడికి చూపు రాలేదు, మూడు కొత్త పళ్లు వచ్చాయి. జనం అతన్ని వదిలి ఆమె దగ్గరకు పోతారు. అంటే వివరణ ఉన్న వింతకూ వివరణ లేని వింతకూ ఉన్న తేడాను రచయిత తన పాత్రల చేతే చూపించాడు.

వ్యాసం రాసేటప్పుడు నిర్వచనంతో మొదలుపెట్టకండి. మొదట పీతలు, దేవదూతల వాక్యాన్ని విడమరచండి. తర్వాత సాలీడు అమ్మాయిని తెచ్చి పోల్చండి. ఆ రెండూ అయ్యాకే ‘మాంత్రిక వాస్తవికత’ అన్న మాట వాడితే, పాఠకుడికి ఆ మాట అవసరం ముందే తెలిసి ఉంటుంది.

చదువరి:
నా గుర్తులు ఈ కథకు చాలవని ఒప్పుకుంటాను. కానీ సాలీడు అమ్మాయి భాగాన్ని నీతికథ అనవచ్చు గానీ ఫాంటసీ అనలేం. ఆమెను ఫాంటసీకి ప్రతినిధిగా నిలబెడితే పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు.

కథావరణం:
అది సరైన హెచ్చరిక. ఆమెను ఫాంటసీ అనకుండా, వివరణ ఉన్న అద్భుతానికి ఉదాహరణగా మాత్రమే చూపండి. ఫాంటసీ నియమాలను చూపించడానికి వేరే కథ ఒకటి తీసుకుని, అందులోని మాయకు ఉన్న హద్దును ఒక్క పేరాలో వివరిస్తే సరిపోతుంది.

గుల్మొహర్:
ఆ పేరా పక్కనే ఫాదర్ గొన్సాగా ఉత్తరాలకూ చోటివ్వండి. ఆయన కూడా ముసలివాడికి ఒక నియమం వెతుకుతున్నాడు, దొరకలేదు.