వారానికి 60 బిల్లులు: ఎక్సెల్ చాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా?

గుంటూరు పైపుల కొట్టు: పీవీసీ పైపుల హోల్‌సేల్ మాది. వారానికి 60 బిల్లులు, అన్నీ ఎక్సెల్‌లోనే. ఆడిటర్ గారు సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. నిజంగా అవసరమా?

పాత గుమస్తా: అక్కర్లేదండీ. పాత బిల్లు కాపీ చేసి నంబర్ మార్చడం మర్చిపోతేనే తంటా. నంబర్లున్న B కాలమ్‌ని B2 నుంచి కిందికి సెలెక్ట్ చేసి, డేటా వాలిడేషన్‌లో `Custom` ఎంచుకుని ఇది పెట్టండి, ఒకే నంబర్ రెండుసార్లు తీసుకోదు.

```
=COUNTIF(B:B,B2)=1
```

తెనాలి అకౌంటెంట్: గుమస్తా గారూ, అది చేత్తో టైప్ చేస్తేనే ఆపుతుంది. పేస్ట్ చేస్తే నోరెత్తదు. మీరు చెప్పిన తప్పు జరిగేదే పేస్ట్‌తో కదా!

అసలు చూడాల్సింది బిల్లుల సంఖ్య కాదు, డబ్బు వచ్చే తీరు. ఒక ఖాతాదారుకి మూడు బిల్లులు ఉన్నాయనుకోండి: 18,400, 9,650, 12,300. మొత్తం 40,350. ఆయన 25,000 చెక్కు ఇచ్చాడు. మొదటి బిల్లు పూర్తిగా తీరి, రెండోదానికి 6,600 జమ అవుతుంది. ఎక్సెల్‌లో ‘పెయిడ్’ అనే కాలమ్ ఒక్కటే ఉంటే ఈ 6,600 ఎక్కడ రాస్తారు?

తర్వాతి నెల ఆయన దగ్గర్నుంచి 1,000 రూపాయల సరుకు వాపసు వచ్చిందనుకోండి, 18 శాతం జీఎస్టీతో 1,180. చాలామంది పాత బిల్లే తెరిచి అంకె తగ్గిస్తారు. ఆ బిల్లు అప్పటికే జీఎస్టీఆర్-1లో వెళ్లిపోయి ఉంటుంది, ఇక షీటూ రిటర్నూ కలవవు. రాయాల్సింది క్రెడిట్ నోట్. అప్పుడు బాకీ 14,170, పాత బిల్లు చెక్కుచెదరదు.

నెల్లూరు హార్డ్‌వేర్: టర్నోవర్ 5 కోట్లు దాటితేనే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అన్నారే?

తెనాలి అకౌంటెంట్: అది ఈ-ఇన్‌వాయిస్ పరిమితి అన్నా. సాఫ్ట్‌వేర్ కొనమని అందులో లేదు.

విజయవాడ శానిటరీ: మేం టాలీ పెట్టాం. కుర్రాడు ఏ చెక్కు వచ్చినా `On Account` అని కొట్టేసేవాడు, `Agst Ref` ఎంచుకుని బిల్లు చూపించేవాడు కాదు. ఆరు నెలలకి పార్టీ మొత్తం బాకీ కరెక్టే, కానీ ఏ బిల్లు ఎన్ని రోజులుగా ఆగిందో తెలియలేదు. డబ్బు పోసి కొన్నా టెన్షన్ తప్పలేదు.

పాత గుమస్తా: చూశారా! రసీదులకి వేరే షీట్ పెట్టి, ప్రతి వరుసలో బిల్లు నంబర్ రాస్తే ఎక్సెల్‌లోనూ నడుస్తుంది.

తెనాలి అకౌంటెంట్: ఒక్కరే రాస్తే నడుస్తుంది. ఇద్దరు ఫైల్ తెరిచి ఒకరు ఒక్క కాలమ్‌నే సార్ట్ చేస్తే, పేర్లు ఒకచోట, అంకెలు మరోచోట. నాకైతే సాఫ్ట్‌వేరే నయం, కాకపోతే కుర్రాడికి ముందు ఆ `Agst Ref` నేర్పాలి.

గుంటూరు పైపుల కొట్టు: మా దగ్గర రాసేది నేనూ, మా బామ్మర్దీ. వాపసులకి ఇప్పటిదాకా పాత బిల్లే దిద్దుతున్నాం. ముందు పోయిన నెల షీట్‌నీ రిటర్న్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తాను.