అప్‌డేట్: దాచిన అప్పు బయటపడి ఎనిమిది నెలలు

నా ప్రశ్న ఇది: "మా ఆయన రెండేళ్లుగా అప్పులు దాచారు, నా గొలుసు కూడా తాకట్టు పెట్టారు. మళ్లీ ఎలా నమ్మాలి?"

మేం హనుమకొండలోనే, కలిసే ఉంటున్నాం. మొదట్లో అప్పుకంటే నిజం వాయిదాల్లో బయటికి రావడమే నన్ను ఎక్కువ కుంగదీసింది. ముందు 2 లక్షలన్నారు, వారానికి మూడున్నర అయింది. ప్రతిసారీ గాయం మళ్లీ మొదటికి వచ్చేది.

అందుకే ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని ఆయన క్రెడిట్ రిపోర్టు తీశాం. ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. బ్యాంకు అప్పు 2,10,000, బంగారం మీద తీసుకున్నది 1,50,000 అందులో కనిపించాయి. చేబదుళ్లు, ప్రామిసరీ నోట్లు అందులో ఉండవు. వాటిని ఆయనే తన చేత్తో రాశారు: వరంగల్‌లో ఒక వడ్డీ వ్యాపారికి 60,000, స్నేహితుడికి 40,000. ఆ ఇద్దరికీ నేను ఫోను చేసి సరిచూసుకుంటానంటే అడ్డు చెప్పలేదు. లెక్క సరిపోయింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

ఇప్పుడు ప్రతి నెలా 5న ఖాతా స్టేట్‌మెంట్ నేను అడగకముందే తెచ్చి చూపిస్తారు. ఆయన ఫోను వెతకడం నేను మానేశాను. వెతికిన రోజుల్లో ఏమీ దొరకకపోయినా మనసు కుదుటపడేది కాదు.

ఉగాదికి మళ్లీ 5,000 చేబదులు తీసుకున్నారు. కోపం ఆగలేదు, ఏడ్చాను. కానీ ఆ సాయంత్రమే ఆయనే చెప్పారు. మునుపు అలా ఎన్నడూ లేదు.

గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. రసీదు మాత్రం నా బీరువాలో ఉంది.