కలలో పళ్ళు ‘ఊడాయా’, ‘రాలాయా’?

మొన్న పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసి "కలల పండ్లు రాలినయ్ బిడ్డా" అంది. నేను మా ఊరి చెట్టు పండ్లేమో అనుకుని "మంచిదే కదమ్మా" అన్నాను, అమ్మ ఏడ్చినంత పని చేసింది. తను చెప్పింది నోట్లో పళ్ళ గురించి. పన్నుకీ పండుకీ బహువచనం ఒకటే కాబట్టి పొరపాటు పడ్డాను, కానీ తర్వాత ఆలోచిస్తే ఇంకో సందేహం వచ్చింది. పన్నుకి మనం మామూలుగా ‘ఊడింది’ అంటాం, మరి కలకి ‘రాలాయి’ అని ఎందుకు అంటాం? రెండు వారాల్లో మూడుసార్లు ఇదే కల, మా పెద్దనాన్నకి ఏమవుతుందోనని అమ్మకి ఒకటే టెన్షన్. మీ ఇళ్ళల్లో ఏమంటారు?

కూకట్‌పల్లి నుంచి ఒకరు: మామిడి పళ్ళు రాలినట్టు వస్తే డబ్బు చేతికి వచ్చి పోతుందని మా నానమ్మ అనేది అండి. కోస్తున్నట్టు వస్తే మంచిది.

నేను: పళ్ళంటే నోట్లోవి అండి, పోస్టు మళ్ళీ ఒకసారి చూడండి.

తెలుగు టీచర్ గారు, మలక్‌పేట: ‘ఊడు’ అంటే పట్టుకున్న చోటు నుంచి విడిపోవడం. గోరు ఊడుతుంది, చక్రం ఊడుతుంది, పాలపన్ను ఊడుతుంది. ‘రాలు’ అంటే వరసగా, వాటంతట అవే కింద పడడం, ఆకులూ పువ్వులూ రాలినట్టు. "చెంప పగలగొడితే పళ్ళు రాలతాయి" అంటాం చూడండి, అక్కడా ఒక్క పన్ను గురించి కాదు. కలలో చాలామందికి నొప్పి ఉండదు, రక్తం ఉండదు, ఒకటి వెనక ఒకటి అరచేతిలోకి వచ్చేస్తాయి. అందుకే ‘రాలాయి’ సరిపోయింది. పై పళ్ళు పోతే ఇంట్లో పెద్దవాళ్ళకి, కింది పళ్ళు పోతే చిన్నవాళ్ళకి అని మా ఇంట్లో అనేవారు. 2వ శతాబ్దంలో కలల మీద పుస్తకం రాసిన గ్రీకు రచయిత అర్తెమిదోరస్ కూడా నోటిని ఇల్లు అనీ పళ్ళని ఇంట్లో మనుషులనీ అన్నాడు, పై వరస అంటే ఇంట్లో ముఖ్యమైనవాళ్ళని అతని లెక్క.

నల్లకుంట నుంచి ఒకరు: మా నాన్న పోయాక మూడు నెలలు నాకీ కల వచ్చింది. ముందు కాదు, పోయాక. నా మటుకు అది ఆయన లేని వెలితే, శకునం కాదు. పళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మని ఎవరైనా అంటే అప్పుడు నాకు కోపం వచ్చేది.

డెంటిస్టు, మెహిదీపట్నం: ఇది నిద్రలో పళ్ళు కొరకడం వల్లే వస్తుంది, రాత్రి పళ్ళకి తొడిగే గార్డు పెట్టుకుంటే కల పోతుంది.

సైకాలజీ చదివిన ఒకరు, తార్నాక: డాక్టరు గారూ, సగం ఒప్పుకుంటాను. 2018లో ఇజ్రాయెల్‌లో ఇద్దరు పరిశోధకులు 210 మందిని అడిగి చూశారు. పొద్దున లేవగానే పళ్ళూ చిగుళ్ళూ దవడా బిగుసుకున్నట్టు, నొప్పిగా ఉన్నవాళ్ళలో ఈ కల ఎక్కువ కనబడింది, కానీ మానసిక బాధతో దీనికి సంబంధం కనబడలేదు. అయితే అది వాళ్ళు చెప్పిన మాట మీద లెక్క, నోరు తెరిచి చూసింది కాదు. బిగువు వల్ల కల వచ్చిందా, ఇంకేదో రెండింటికీ కారణమా అనేది అందులో తేలదు. 210 మంది లెక్కలో కనబడనిది ఒక మనిషి దుఃఖంలో ఉండొచ్చు, కాబట్టి నల్లకుంట వారి మాట అబద్ధం కాదు. ఇక శకునం అంటారా, ఎవరూ పోని రోజు వచ్చిన కలని మనం గుర్తు పెట్టుకోం. పోస్టు పెట్టినవారు అమ్మగారిని కల గురించి కాకుండా లేచిన అయిదు నిమిషాల గురించి అడగండి: దవడ పట్టేసిందా, కణతలు నొప్పా, పక్కన పడుకున్నవాళ్ళకి పటపట చప్పుడు వినిపిస్తుందా.

నేను: అడిగాను. వారం రోజులుగా లేవగానే నోరు పూర్తిగా తెరవలేకపోతోందట, రొట్టె నమలాలంటే కష్టంగా ఉందట, ఎవరికీ చెప్పలేదు. చెల్లి చప్పుడు వినిందట, ఎలుక అనుకుంది. నిన్న చూపించాం. కింది ముందు పళ్ళ అంచులు చదునుగా అరిగాయి, బుగ్గ లోపల తెల్లటి గీత పడింది. గార్డుకి కొలత తీసుకున్నారు, అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది కానీ కొరకడం మాన్పించదని ముందే చెప్పారు.

డెంటిస్టు, మెహిదీపట్నం: అది నిజమే, కల పోతుందని నేను అంత గట్టిగా అనకూడదు.

టీచర్ గారు: అమ్మగారు కుదుటపడ్డారా?

నేను: పెద్దనాన్నతో రోజూ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది, ఆ భయం పోలేదు. రాత్రి మళ్ళీ కల వచ్చిందట, ఈసారి "రాలలే, ఊగుతున్నయ్" అంది.