బిల్డరుకు వాయిదాల్లో కడుతున్న ఫ్లాటు: ఒక శాతం టీడీఎస్ దేని మీద, ఎప్పుడు?

కొత్తగా డబ్లిన్ (16 ఆగస్టు 2025)

అందరికీ నమస్కారం. మార్చి చివర్లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాను. వచ్చే ముందు హైదరాబాద్‌లో, తెల్లాపూర్ వైపు, కడుతున్న అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు నా పేరున బుక్ చేశాను. ధర 84 లక్షలు, పార్కింగుకు 3, క్లబ్‌హౌస్‌కు 3, మొత్తం 90 లక్షలు. జీఎస్టీ దీనికి అదనం. జనవరి 20న 5 లక్షలు, అగ్రిమెంటు రోజు మార్చి 12న 13 లక్షలు, జూన్ 10న శ్లాబు పడినప్పుడు 9 లక్షలు కట్టాను. ఇప్పుడు మరో 9 లక్షలకు డిమాండు లెటరు వచ్చింది. అందులో కింద, చిన్న అక్షరాల్లో, 'వర్తించే టీడీఎస్ కొనుగోలుదారు బాధ్యత' అని ఉంది. టీడీఎస్ 50 లక్షలు దాటితేనే కదా? నేను ఇప్పటికి కట్టింది 27 లక్షలే. 50 దాటాక మొదలుపెడితే సరిపోతుందా?

కార్క్ బాబాయ్

నాయనా, నువ్వు ఇప్పుడు ఎన్నారైవి. ఎన్నారై అంటే ఒక శాతం కాదు, చాలా ఎక్కువ కోత ఉంటుంది. మా తమ్ముడు విజయవాడలో స్థలం అమ్మినప్పుడు కొన్నవాళ్లు లక్షల్లో పట్టుకున్నారు. ఆ డబ్బు వెనక్కి రావడానికి రిటర్ను వేసి ఏడాదిన్నర తిరిగాడు. ముందు ఒక ఆడిటరును పట్టుకో.

పాత లెక్కలు

బాబాయ్ గారూ, మీ తమ్ముడు అమ్మినవారు, ఈయన కొంటున్నవారు. రేటు ఎంతన్నది అమ్మేవారు భారతదేశంలో నివాసులా కాదా అన్న దాన్ని బట్టి ఉంటుంది, కొనేవారు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి కాదు. ఇక్కడ అమ్మేది హైదరాబాద్ కంపెనీ కాబట్టి సెక్షన్ 194-ఐఏ కింద ఒక శాతమే. ట్యాన్ నంబరు కూడా అక్కర్లేదు, ఇద్దరి పాన్ నంబర్లు చాలు.

కొత్తగా వచ్చినాయన అసలు ప్రశ్నకు వస్తాను. 50 లక్షలనేది మీరు ఇప్పటిదాకా కట్టిన సొమ్ముకు పెట్టిన గీత కాదు, ఆస్తి మొత్తం ధరకు పెట్టిన గీత. ఒప్పందం 90 లక్షలకు అయింది కాబట్టి జనవరిలో ఇచ్చిన మొదటి 5 లక్షల నుంచే ఒక శాతం పట్టుకోవాల్సింది. 50 తీసేసి మిగిలిన 40 మీద అనుకునేవారూ ఉన్నారు, అదీ తప్పే. మొత్తం 90 మీద 90 వేలు, ఏ వాయిదాకు దాని వంతు. పార్కింగు, క్లబ్‌హౌస్ సొమ్ము కూడా ధరలో భాగమేనని 2019 సెప్టెంబరు నుంచి చట్టంలోనే రాశారు.

లిమరిక్ అక్క

నాకు తెలిసింది వేరు. టీడీఎస్ మొత్తం ధర మీదే, నిజమే. కానీ రిజిస్ట్రేషన్ రోజున ఒకేసారి 90 వేలు కట్టేస్తే అయిపోతుంది. మేము 2021లో అలాగే చేశాం.

పాత లెక్కలు

మీరు కట్టడం పూర్తయిన ఫ్లాటు కొని, డబ్బంతా ఆ రోజే ఇచ్చి ఉంటారు, అందుకే సరిపోయింది. చెల్లింపు జరిగిన ప్రతిసారీ కోత పడాలి. ఆ నెల ముగిసిన 30 రోజుల లోపల 26QB అనే ఫారం నింపి ప్రభుత్వానికి కట్టాలి. వాయిదాకు ఒక 26QB.

లిమరిక్ అక్క

అవును, మాది కట్టిన ఇల్లే. ఇంకో మాట. అప్పుడు మా ఆయనదీ నాదీ చెరి సగం వాటా. ఒక్కొక్కరిదీ 50 లోపే కాబట్టి అసలు కట్టనవసరం లేదని మా ఆడిటరు అన్నాడు. మేమే భయపడి కట్టాం.

పాత లెక్కలు

ఆ వాదన అప్పట్లో చాలామంది చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి అందరి వాటాలూ కలిపే చూడాలని సెక్షన్‌లోనే చేర్చారు కాబట్టి ఇప్పుడు దానికి తావు లేదు.

కొత్తగా డబ్లిన్

అంటే మూడు వాయిదాలు తప్పిపోయాయన్నమాట. ఇప్పుడు బిల్డరు దగ్గర డబ్బు పూర్తిగా ఉంది. నేను ఎక్కడి నుంచి పట్టుకోను?

పాత లెక్కలు

ఇప్పుడు ఇవ్వబోయే 9 లక్షల్లోంచి. పాత 27 లక్షలకు 27 వేలు, ఈ వాయిదాకు 9 వేలు, మొత్తం 36 వేలు ఆపి, 8 లక్షల 64 వేలు ఇవ్వండి. జీఎస్టీ విడిగా చూపించారు కాబట్టి దాని మీద కోత లేదు. 45 వేల జీఎస్టీ పూర్తిగా ఇవ్వండి. బ్యాంకు రుణం అయితే, చెక్కు బిల్డరుకు వెళ్లక ముందే 8.64 లక్షలకు విడుదల చేయమని బ్యాంకుకు రాసివ్వాలి. లేకపోతే వాళ్లు 9 లక్షలూ పంపేస్తారు, 36 వేలు మీ జేబులోంచి పోతాయి.

ఆలస్యానికి వడ్డీ మాత్రం మీదే, బిల్డరు మీద వేయలేరు. కోయాల్సిన తేదీ నుంచి నెలకు ఒక శాతం, నెలలో ఒక్క రోజైనా పూర్తి నెల కిందే. జనవరి సొమ్ముకు 8 నెలలు, 400 రూపాయలు. మార్చిదానికి 6 నెలలు, 780. జూన్‌దానికి 3 నెలలు, 270. మొత్తం 1,450. ఇంత త్వరగా అడిగారు కాబట్టి ఇంతటితో పోయింది.

ఆదాయపన్ను పోర్టల్లో e-Pay Taxలోకి వెళ్లి 26QB తెరిస్తే, మొత్తం ధర ఒక గడిలో, ఈసారి చెల్లింపు ఇంకో గడిలో అడుగుతుంది. మొత్తం ధర గడిలో ప్రతిసారీ 90 లక్షలే వేయండి. చాలామంది ఈ వాయిదా సొమ్మునే రెండు గడుల్లోనూ రాస్తారు. చివరి వాయిదాలో ప్రభుత్వ స్టాంపు విలువ ఒప్పంద ధర కన్నా ఎక్కువైతే కోత ఆ ఎక్కువ విలువ మీద పడుతుంది, అదీ గుర్తుంచుకోండి. పాత మూడింటికి మూడు, ఇప్పటిదానికి ఒకటి, మొత్తం నాలుగు ఫారాలు.

గాల్వే నుంచి ఓరుగల్లు

ఒక సందేహం. పాత వాయిదాలకు కోత తేదీ ఏది వేయాలి? నేను పోయినేడాది చెల్లింపు తేదీనే వేశాను. 5 వేల పన్నుకు ఆలస్య రుసుము కూడా 5 వేలే వచ్చింది. రోజుకు 200 చొప్పున, పన్ను సొమ్ముతో సమానమయ్యే దాకా పెరుగుతూనే ఉంటుందట.

పాత లెక్కలు

మీరు చెల్లింపు రోజునే కోసి దగ్గర పెట్టుకున్నట్టు రాశారు కాబట్టి అలా వచ్చింది. ఈయన నిజంగా ఆగస్టులో కోస్తున్నారు. చెల్లింపు తేదీ జనవరి, కోత తేదీ ఆగస్టు అని వేస్తే, సెప్టెంబరు 30 లోపల కట్టినంత వరకూ ఆ రుసుము పడకూడదు. కోసి కట్టకపోతే వడ్డీ కూడా నెలకు ఒకటిన్నర శాతం.

గాల్వే నుంచి ఓరుగల్లు

మా ఆడిటరు దీన్ని ఒప్పుకోడు. డబ్బు ఇచ్చిన రోజే కోత రోజు అంటాడు.

పాత లెక్కలు

అలా అనేవారు ఉన్నారు. ఒప్పందం, రసీదులు, ఈ నెల బిల్డరుకు పంపిన లెక్క చేతిలో ఉంచుకుంటే నేనైతే ఆగస్టే వేస్తాను.

కొత్తగా డబ్లిన్ (24 ఆగస్టు)

బిల్డరు అకౌంట్స్ వాళ్లు మొదట 'టీడీఎస్ మీ సొంతంగా కట్టుకోండి, మాకు 9 లక్షలూ పూర్తిగా రావాలి' అన్నారు. మీరు చెప్పిన లెక్క మెయిలులో పంపి, కట్టిన 36 వేలు మీ పాన్‌లోనే జమ చూపిస్తుందని రాస్తే దిగివచ్చారు. రాత్రి పదకొండుకు కూర్చుని నాలుగు 26QBలు పూర్తి చేశాను. బ్యాంకు ఓటీపీ ఖమ్మంలో నాన్న ఫోనుకు వెళ్తోంది, అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఒక్కో ఓటీపీకి ఒక్కోసారి ఆయన్ను నిద్ర లేపాల్సి వచ్చింది.

ఇంకోటి మిగిలింది. అప్పగింత రోజున లక్షన్నర కార్పస్ ఫండ్, రెండేళ్ల మెయింటెనెన్స్ అడుగుతారట. వాటి మీదా కోయాలా?

పాత లెక్కలు

మెయింటెనెన్స్ ధరలో కలుస్తుందని సెక్షన్‌లో ఉంది, కోయండి. కార్పస్ ఫండ్ తర్వాత సంఘానికి బదిలీ అయ్యే డిపాజిట్ కాబట్టి అక్కర్లేదని కొందరంటారు. ఇక్కడ పడేది 1,500 రూపాయలు, అది కూడా బిల్డరుకు ఇచ్చేదాంట్లోంచే. నేను కోస్తాను. ట్రేసెస్ సైటులో పన్ను కట్టినట్టు చూపే ఫారం 16బిలు నాలుగూ వచ్చాక దింపి, బిల్డరుకు పంపడం మరవకండి. వాళ్ల ఖాతా పుస్తకంలో ఆ 36 వేలు బాకీగా ఉంటే తాళాలు ఇచ్చే రోజున మళ్లీ అడుగుతారు.